పరీక్షల నెలలో అన్నం తింటూ చూడ్డానికి ఏ సిరీస్? (పాతదే, కొత్తది వద్దు)

ఆర్టికల్_అమ్మాయి · చెన్నై, పశ్చిమ మాంబళం · ఆదివారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం. సీఏ ఫైనల్ రెండు గ్రూపులూ ఒకేసారి రాస్తున్నా. సరిగ్గా 5 వారాలుంది. మాంబళం స్టేషన్ దగ్గర లేడీస్ హాస్టల్లో ఉంటా. 8 గంటలకు మెస్‌లో చపాతీ, కుర్మా పెడతారు. ప్లేటు గదికి తెచ్చుకుని, వాటర్ బాటిల్‌కి ఫోన్ ఆనించి ఏదో ఒకటి చూస్తూ తింటా. రోజు మొత్తమ్మీద నాకు ఊపిరాడేది ఆ పాతిక నిమిషాలే.

మొన్న గురువారం పంచాయత్ పెట్టా. రెండుసార్లు చూసిందే కదా, ఏముంటుందిలే అనుకున్నా. రెండో సీజన్ మధ్యలో మొదలుపెడితే చివరి ఎపిసోడ్ అయ్యేసరికి ఒంటిగంటన్నర. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. శుక్రవారం కన్సాలిడేషన్ లెక్కలు చెయ్యాల్సిన రోజు. మధ్యాహ్నం దాకా పుస్తకం తెరవలేకపోయా.

కాబట్టి ప్రశ్న ఇదీ. కొత్తవి వద్దు. నేను ఇదివరకే చూసినవి, ఇష్టమైనవి మూడున్నాయి: అమృతం, పంచాయత్, ఫ్రెండ్స్. వీటిల్లో ఏది పెట్టుకుంటే తిండి అయ్యేసరికి ఫోన్ పక్కన పెట్టగలను?

---

థ్రిల్లర్_రాజు · ఆదివారం రాత్రి 11:52

మలయాళంలో మంచి క్రైమ్ సిరీస్‌లు బోలెడున్నాయి సిస్టర్. ఒక్కటి మొదలుపెడితే తెల్లారేదాకా లేవలేరు. లిస్ట్ పెట్టమంటారా?

---

ఆర్టికల్_అమ్మాయి · ఆదివారం రాత్రి 11:55

తెల్లారేదాకా లేవలేకపోవడమేనండీ నా బాధ 🙏

---

బిల్డ్_బ్రేక్ · చెన్నై, పెరుంగుడి · సోమవారం ఉదయం 8:10

కామెడీ పెట్టుకోండి, అంతే. రిలీజ్ వారం వస్తే నేను ది ఆఫీస్ (అమెరికాది) పక్క మానిటర్‌లో పెట్టేస్తా. 9 సీజన్లు, 201 ఎపిసోడ్లు. ఎన్నిసార్లు తిరిగాయో లెక్కలేదు. ముందే తెలిసిన కథ కాబట్టి బుర్ర దానికి ఏమీ ఖర్చుపెట్టదు. మీరు కూడా తినేటప్పుడే ఎందుకు, చదివేటప్పుడు కూడా వెనకాల నడవనివ్వండి. గది ఖాళీగా అనిపించదు.

---

కత్తెర · చెన్నై, సాలిగ్రామం · సోమవారం ఉదయం 10:35

నేను ఎడిటింగ్ రూమ్‌లో పనిచేస్తా. తమిళం, తెలుగు డైలీ సీరియళ్లు 9 ఏళ్లు కోశాను, ఇప్పుడు ఓటీటీ వాటికి అసిస్టెంట్‌ని. అమ్మాయ్, నీ గురువారం రాత్రి సంగతి చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే నువ్వు అక్కడ ఆగకూడదనే మేం కోసేది.

కామెడీయా ఏడుపా అన్నది రెండో మాట. ముందు చూడాల్సింది ఎపిసోడ్ చివరి 2 నిమిషాల్లో ఏం జరుగుతోందని. మూసేసే రకం కథలు కొన్ని, తెరిచిపెట్టే రకం కొన్ని. అమృతం సంగతి చూడు. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వారానికోసారి, ఆదివారం రాత్రి వచ్చేది. వారంపాటు జనం కథ గుర్తుపెట్టుకోవాలని ఎవరూ ఆశపడరు. అందుకే హోటల్ గొడవేదో మొదలవుతుంది, ముదురుతుంది, నవ్వులపాలై అక్కడే ముగుస్తుంది. మళ్లీ వారం అంతా మామూలే, అమృత విలాస్ ఎప్పట్లాగే ఈగలు తోలుకుంటూ ఉంటుంది. ఫ్రెండ్స్ కూడా చాలావరకు ఆ దారే. అరగంట స్లాట్‌లో యాడ్స్ తీసేస్తే మిగిలేది 22 నిమిషాలు. యాడ్‌కి ముందు చిన్న చిక్కు పెడతారు, చివరి యాడ్ అయ్యాక ఒక నిమిషం ఉత్త జోకు వేసి పంపించేస్తారు. ఆ చివరి జోకులో కొత్త ప్రశ్న ఉండదు. నీకు కావలసింది అదే.

డైలీ సీరియల్‌లో పద్ధతి వేరు. ముఖం మీద ఫ్రీజ్ చేసి వదలాలి. శనివారం ఇంకా పెద్దది పెట్టాలి, ఆదివారం దాటించాలి కదా. ఓటీటీలో యాడ్ కోసం కథని మధ్యలో కొయ్యక్కర్లేదు కాబట్టి కొక్కెం మొత్తం చివరే వేస్తాం. ఆ కొక్కెం మీద 5 సెకన్లలో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలైపోతుంది. ఇంక నీ చెయ్యి ప్లేటులో ఉంది, కుర్మా అంటింది, ఫోన్ ఎవరు ఆపుతారు?

---

ఆర్టికల్_అమ్మాయి · సోమవారం మధ్యాహ్నం 1:20

కుర్మా సంగతి అక్షరాలా నిజం 😭 కానీ అన్నా, కథ నాకు ముందే తెలుసు కదా. కొక్కెం తెలిసినా ఎలా పట్టేస్తుంది?

---

కత్తెర · సోమవారం మధ్యాహ్నం 2:05

ఏం జరుగుతుందో తెలుసు. కానీ చూడాలనిపించేది ఆ ముఖాలు. తెలిసిన దెబ్బ కోసం ఎదురుచూడ్డం తెలియనిదానికంటే గట్టిగా లాగుతుంది ఒక్కోసారి. పంచాయత్ రెండో సీజన్ చివర ప్రహ్లాద్ ఇంటికి ఏ కబురొస్తుందో నీకు తెలుసు. తెలిసే కదా కూర్చున్నావ్?

---

ఆవకాయ_అత్తయ్య · చెన్నై, అణ్ణానగర్ · సోమవారం సాయంత్రం 4:40

మా వాడు ఈ ఏడే ప్లస్ టూ రాశాడు. సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ '90స్' పెట్టుకున్నాం, ఈటీవీ విన్‌లోది. హాయిగా ఉంటుంది, మధ్యతరగతి ఇల్లు, 6 ఎపిసోడ్లే, మా చిన్నప్పటి రోజులు అనుకుని. మేం నవ్వుతున్నాం, వాడు మాత్రం రెండో ఎపిసోడ్‌కే లేచి లోపలికెళ్లిపోయాడు. ఏంట్రా అంటే, "అమ్మా, అందులో నాన్న లెక్కల మాస్టారు, ఎంతసేపూ మార్కులే, నాకు ఆయాసం వస్తోంది" అన్నాడు. మాకు తట్టనే లేదు. మాకది జ్ఞాపకం, వాడికి రేపటి పరీక్ష.

---

ఆర్టికల్_అమ్మాయి · సోమవారం సాయంత్రం 6:15

అత్తయ్యగారూ, ఇది చదివాక నాకు ఇంకోటి వెలిగింది. పంచాయత్ మొదటి సీజన్‌లో అభిషేక్ పగలు పంచాయతీ ఆఫీసు, రాత్రి క్యాట్ పుస్తకాలు. నేను పగలు ఆఫీసు, రాత్రి సీఏ పుస్తకాలు. ఆర్టికల్‌షిప్ మొదటి ఏడాది అది చూసి "నాలాగే ఉన్నాడు" అని మురిసిపోయా. ఇప్పుడు వాడు పుస్తకం మూసేసిన సీన్ వస్తే నేనేదో తప్పు చేసినట్టుంటుంది.

---

థీసిస్_ఇంకానా · చెన్నై, అడయార్ · సోమవారం రాత్రి 9:30

సైకాలజీలో పీహెచ్‌డీ, ఆరో ఏడు, అడగొద్దు. మా సబ్జెక్టులో ఈ విషయం మీద కొంచెం పని జరిగింది. 2013లో జేయ్ డెరిక్ అనే పరిశోధకురాలు ఒక పేపర్ వేసింది. కష్టపడి పనిచేసి అలిసిపోయాక జనం తమకు బాగా తెలిసిన కథాలోకంలోకి మళ్లీ వెళ్లడానికి ఇష్టపడతారని, వెళ్లొచ్చాక కాస్త తేరుకుంటారని. టీవీలో ఏది వస్తే అది చూస్తే ఆ ఫలితం కనపడలేదు. తెలిసిన మనుషులు కావాలి, కానీ వాళ్లతో మనం మాట్లాడక్కర్లేదు, మొహమాటపడక్కర్లేదు, అదీ ఆమె వాదన.

అయితే ఆ పేపర్ నిలబడ్డ సిద్ధాంతం, అంటే మనసు నిగ్రహం బ్యాటరీలా ఖర్చవుతుందన్నది, తర్వాత బాగా దెబ్బతింది. 2016లో చాలా ల్యాబులు కలిసి మళ్లీ ప్రయత్నిస్తే ఫలితం దాదాపు సున్నా. కాబట్టి "సైన్స్ చెప్పింది" అని ఎవరైనా అంటే సగమే నమ్మండి. తెలిసింది చూస్తే హాయిగా ఉంటుందన్నది నిజమే. అది చదువు మీద ఎంత పనిచేస్తుందన్నది మాత్రం ఇంకా తేలలేదు.

బిల్డ్_బ్రేక్ గారి మాట దగ్గర మాత్రం ఆగాలి. తెలిసిన కథైనా అర్థమయ్యే భాషలో మాటలు వినపడుతుంటే చదివే మాటలకు అడ్డొస్తాయి. మనం వినకూడదనుకున్నా చెవి వింటుంది. డైరెక్ట్ ట్యాక్స్ సెక్షన్ చదువుతూ వెనకాల డైలాగులు పెట్టుకోవద్దు.

---

బిల్డ్_బ్రేక్ · సోమవారం రాత్రి 10:02

నాకేం అడ్డు రాదే. 4 ఏళ్లుగా చేస్తున్నా.

---

థీసిస్_ఇంకానా · సోమవారం రాత్రి 10:11

ఏ పని చేస్తూ?

---

బిల్డ్_బ్రేక్ · సోమవారం రాత్రి 10:15

లాగ్స్ చూడ్డం, కాన్ఫిగ్ ఫైళ్లు మార్చడం, బిల్డ్ అయ్యేదాకా కూర్చోవడం... సరే, డిజైన్ డాక్యుమెంట్ రాసేటప్పుడు పాజ్ చేస్తా. అర్థమైంది. కానీ బిల్డ్ కోసం కూర్చునేవాళ్లకు నా పద్ధతి సరైందే, అది వెనక్కి తీసుకోను.

---

ఆర్టికల్_అమ్మాయి · మంగళవారం ఉదయం 7:30

నేనూ ఒక పరీక్ష పెట్టుకున్నా. ఫ్రెండ్స్ సన్నగా మోగుతుండగా ఆడిట్ స్టాండర్డ్ ఒక పేజీ చదివి, పుస్తకం మూసి చెప్పుకుంటే మూడో పాయింట్ దగ్గర ఆగిపోయా. మోగకుండా ఇంకో పేజీ చదివితే ఆరూ వచ్చాయి. ఒక్క పేజీకి తీర్పు చెప్పలేం గానీ నాకు చాలు. జర్నల్ ఎంట్రీలు ఫెయిర్ కాపీ చేసుకునేటప్పుడు మాత్రం ఏ తేడా లేదు.

కత్తెర అన్నా, అయితే అమృతమేనా? పంచాయత్ మొత్తం వదిలెయ్యాలా? మనసొప్పట్లేదు.

---

కత్తెర · మంగళవారం ఉదయం 11:50

వదలక్కర్లేదు. సిరీస్‌ని కాదు, ఎపిసోడ్‌ని ఎంచుకో. పంచాయత్ మొదటి సీజన్ (2020) 8 ఎపిసోడ్లలో చాలావరకు దేనికదే. దెయ్యం చెట్టు ఒకటి, చక్రాల ఆఫీసు కుర్చీ ఒకటి, గోడ మీద నినాదాల గొడవ ఒకటి, మానిటర్ దొంగతనం ఒకటి. ఆ కుర్చీ ఎపిసోడ్ మొదలుపెడితే కుర్చీతోనే అయిపోతుంది. తర్వాతి సీజన్లకు పోనుపోను గొలుసు పెరిగింది, ఎన్నికలు వచ్చాయి. అవి పరీక్షలయ్యాక. ఇంకో సంగతి, మొదటి సీజన్ ఎపిసోడ్ల నిడివీ ఎక్కువే, 22 నిమిషాలకు తేలవు. నీ చపాతీ అయిపోయాక 10, 15 నిమిషాలు ఖాళీ ప్లేటుతో కూర్చుంటావ్. ఆదివారం మధ్యాహ్నానికి పెట్టుకో.

ఎప్పుడైనా తెరిచిపెట్టే రకంలో ఇరుక్కుంటే ఒక కిటుకు చెప్తా, మా పని రహస్యం. ఎపిసోడ్ చివర ఆపడానికి ప్రయత్నించకు, అక్కడ ఆగకుండానే కోసి పెట్టాం. తర్వాతి ఎపిసోడ్ మొదలవనీ. చివర్లో వేసిన కొక్కేన్ని మొదటి సీన్లలోనే ఊడదీస్తాం, ఎందుకంటే అక్కణ్నుంచి కొత్త కథ మొదలుపెట్టాలి కదా. ఆ సీన్ అయిపోయి, ఊరి షాటో, టీ కొట్టు షాటో పడుతుంది. అక్కడ ఆపెయ్. ఎపిసోడ్ సగంలో ఆపినట్టుంటుంది కానీ మనసుకు పీకులాట ఉండదు. మా ఇంట్లో అమ్మ సీరియల్ చూస్తూ అన్నం మాడ్చేది, ఇది నేర్పాక రక్షింపబడ్డాం.

ఫ్రెండ్స్‌లో కూడా కొన్ని తీసి పక్కన పెట్టు. మూడో సీజన్ 15, 16 ఎపిసోడ్లు, రాస్, రేచెల్ విడిపోయేవి, తినేటప్పుడు వద్దు. నాలుగో సీజన్ చివర లండన్ పెళ్లి కూడా వద్దు, అది అచ్చంగా కొక్కెమే. నాలుగో సీజన్ 12 చూడు, ఫ్లాట్ కోసం క్విజ్ ఆడతారు. ఐదో సీజన్ 14. ఇవి కంచంలో పెరుగన్నంలా దిగిపోతాయి.

---

థ్రిల్లర్_రాజు · మంగళవారం మధ్యాహ్నం 12:20

ప్రహ్లాద్ ఇంటికి కబురు, లండన్ పెళ్లి... నేనింకా ఏదీ చూడలేదు. స్పాయిలర్ అని ముందు రాయరా ఎవరూ?

---

కత్తెర · మంగళవారం మధ్యాహ్నం 12:31

ఇది మళ్లీ చూసేవాళ్ల చర్చ రాజు గారూ 🙂

---

నెల్లూరు_టు_చెన్నై · మంగళవారం రాత్రి 10:48

నాదొక మాట. ఇది సరైన చోటో కాదో తెలీదు.

3 ఏళ్ల క్రితం నాన్నకి ఇక్కడ ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్. 19 రోజులు. ఐసీయూ బయట కుర్చీల్లో ఇయర్‌ఫోన్ ఒకటే చెవిలో పెట్టుకుని (పేరు పిలిస్తే రెండో చెవికి వినపడాలి) మాల్గుడి డేస్ చూసేవాణ్ని. మా ఇంట్లో అందరికీ ప్రాణం. శంకర్ నాగ్ తీసింది, ఆగుంబెలో. చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఆ రాగం వినపడితే వీధిలోంచి పరిగెత్తుకొచ్చేవాళ్లం. ఆ 19 రోజులూ అదే నన్ను నిలబెట్టింది.

నాన్న బాగున్నారు, ఇంట్లో ఉన్నారు. కానీ ఇప్పుడు ఆ రాగం మొదలైతే నాకు ఫినాయిల్ వాసన వస్తుంది, నిజంగా ముక్కుకి తగులుతుంది. పోయిన దసరాకి నాన్నే టీవీలో పెట్టారు. నేను మేడమీదకెళ్లిపోయాను. ఆయనకి కారణం చెప్పలేదు.

అమ్మాయి, నీ అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం ఈ 5 వారాల్లో వాడకు. రెండో ఇష్టమైనది వాడు.

---

ఆవకాయ_అత్తయ్య · మంగళవారం రాత్రి 11:05

నాయనా, నాన్నగారికి చెప్పెయ్యి. ఆయనకి తెలిసే ఉంటుంది.

---

థీసిస్_ఇంకానా · మంగళవారం రాత్రి 11:20

నెల్లూరు గారూ, మీరు చెప్పింది చాలామందికి జరుగుతుంది. అందరికీ జరగదు. నా ఫ్రెండ్ ఒకతనికి సరిగ్గా తలకిందులు, కష్టకాలంలో చూసిందే ఇప్పటికీ ధైర్యం ఇస్తుంది. ఎవరికి ఎటు తిరుగుతుందో ముందు చెప్పడం నావల్ల కాదు. కానీ టైటిల్ పాటే ఎక్కువ అంటుకుంటుంది, అది రోజూ ఒకేలా వినపడేది కదా. టైటిల్ పాట దాటేసి చూస్తే కొంత తప్పించుకోవచ్చేమో. ఇది నా ఊహ.

---

ఆర్టికల్_అమ్మాయి · బుధవారం ఉదయం 6:50

నెల్లూరు అన్నా, రాత్రి చదివాక చాలాసేపు పడుకోలేదు. నాకు అన్నిటికంటే ఇష్టం ఫ్రెండ్స్. అది దాచేస్తున్నా. అమృతం రెండో ఇష్టం. టైటిల్ పాట మాత్రం దాటలేను, "ఒరేయ్ ఆంజనేలూ" లేకుండా అమృతం ఏంటి, రిస్క్ తీసుకుంటా.

---

ఆర్టికల్_అమ్మాయి · తర్వాతి గురువారం రాత్రి 9:10

8 రోజుల రిపోర్ట్. పొడుగు పోస్ట్, క్షమించండి.

పోయిన బుధవారం మధ్యాహ్నం ఒక గంట కేటాయించి యూట్యూబ్‌లో అమృతం ఎపిసోడ్లు వెతికి, పేరు చూడగానే కథ గుర్తొచ్చినవి మాత్రమే 30 రాసుకున్నా. గుర్తు రానివి రాయలేదు, గుర్తు రాకపోతే అది నాకు కొత్తదే కదా. ఆ కాగితం అల్మారా తలుపుకి అంటించా. రాత్రి 8కి వెతకడం లేదు, వరసలో తర్వాతిది పెట్టడమే. ఇంతకుముందు ఏది చూడాలా అని వేలితో జరుపుతూ ఉంటేనే చపాతీ చల్లారిపోయేదని ఇప్పుడు తెలిసింది. ఆ 10 నిమిషాలు నా లెక్కలో ఎప్పుడూ లేవు.

మొదటి 3 రోజులు బ్రహ్మాండం. 22, 23 నిమిషాల్లో తిండీ కథా కలిసి అయ్యాయి. అప్పాజీ అద్దె కోసం వచ్చి నిలబడగానే భుజాలు దిగాయి, అంతసేపూ పైకి లాగిపెట్టుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది.

నాలుగో రోజు దెబ్బతిన్నా. అది రెండు భాగాల కథ, నేను రాసుకున్నది మొదటి భాగం. చివర్లో ఆగిపోయింది. కత్తెర అన్న కిటుకు గుర్తొచ్చి రెండో భాగం పెట్టి, చిక్కు విడిపోయే సీన్ దాకా చూసి ఆపుదామనుకున్నా. కానీ రెండు భాగాల కథలో చిక్కు రెండో భాగం చివరే విడిపోతుందన్నా! 45 నిమిషాలు పోయాయి.

ఆరో రోజు ఎపిసోడ్ అయిపోగానే ప్లే అయింది ఏదో సినిమా కామెడీ సీన్ల ముక్కలు. ఒకటి, రెండు, ఆరు. చెయ్యి కడుక్కోడానికి వెళ్లి తిరిగొచ్చేసరికి నడుస్తోంది, నిలబడే చూశా. ఆ రాత్రి 40 నిమిషాలు.

మిగతా 6 రోజులూ పాతికలోపే.

---

కత్తెర · గురువారం రాత్రి 10:00

నాలుగో రోజుది నా తప్పు. ఆ కిటుకు వరస సీజన్లకే, రెండు భాగాల కథకి పనికిరాదు. అక్కడ రెండో భాగం మొత్తమే చివరి అంకం. జాబితాలో అలాంటివి కొట్టేయ్, లేదంటే రెండూ కలిపి ఆదివారానికి పెట్టుకో.

అమృతంలో ఇంకోటి గమనించావా? అమృతరావు వేషం ముగ్గురు వేశారు. మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. నీ 30లో ముగ్గురూ కలిసిపోయి ఉంటే రోజుకో అమృతం వస్తాడు. కొందరికి అది చిరాకు. చిరాకైతే ఒకరి దగ్గరే ఉండిపో.

---

బిల్డ్_బ్రేక్ · గురువారం రాత్రి 10:20

ఆరో రోజు సంగతి నేను చెప్తా, ఇది నా ఏరియా. యూట్యూబ్ ప్లేయర్ పైనే ఆటోప్లే స్విచ్ ఉంటుంది, ఆపెయ్యండి. నెట్‌ఫ్లిక్స్ వాడేవాళ్లు ఫోన్ యాప్‌లో వెతకొద్దు, బ్రౌజర్‌లో అకౌంట్‌లోకెళ్లి ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో `Autoplay next episode in a series on all devices` టిక్ తీసెయ్యండి.

ఇంకా గట్టిది కావాలంటే ఒక్క ఎపిసోడ్ డౌన్‌లోడ్ చేసుకుని డేటా, వైఫై ఆపి కూర్చోండి. అక్కడ నేను ఒకసారి బోల్తాపడ్డా. నెట్‌ఫ్లిక్స్‌లో `Smart Downloads` ఆన్‌లో ఉంటే చూసింది తీసేసి తర్వాతిది తెచ్చి పెడుతుంది, వైఫై తగిలితే చాలు. "ఒక్కటే ఉంది కదా" అనుకుంటే రేపటిది రెడీగా కూర్చుని ఉంది.

---

ఆర్టికల్_అమ్మాయి · గురువారం రాత్రి 10:34

స్విచ్ ఆపేశా. 2 ఏళ్లుగా కళ్లముందే ఉంది, అదేంటో ఎప్పుడూ చూడలేదు. ముగ్గురు అమృతాల సంగతి నాకు చిరాకేం లేదు, ఆంజనేలు ఒక్కడే కదా.

ఇంకో అనుమానం. పరీక్ష ముందురోజు రాత్రి కూడా చూడొచ్చా? ఫైనల్ పేపర్లు మధ్యాహ్నం 2కి, కాబట్టి పొద్దున టైమ్ ఉంటుంది.

---

ఆవకాయ_అత్తయ్య · గురువారం రాత్రి 10:50

వద్దమ్మా. ఆ ఒక్క రాత్రీ తిని పడుకో.

---

కత్తెర · గురువారం రాత్రి 10:58

నేనైతే చూడమంటా. వారాల తరబడి రోజూ 8కి చేసిన పని ఆ రోజే మానేస్తే, ఇవాళేదో ప్రత్యేకం అని ఒంటికి తెలిసిపోతుంది.

---

నెల్లూరు_టు_చెన్నై · గురువారం రాత్రి 11:10

ఆ రోజు చూసిందే పరీక్షకి అంటుకుంటుంది. నా అనుభవం చెప్పాగా.

---

థీసిస్_ఇంకానా · గురువారం రాత్రి 11:25

ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది, నా దగ్గర తేల్చే పేపర్ లేదు. 8కి చూడ్డం వేరు, 11కి మంచం మీద పడుకుని చూడ్డం వేరు, అంతవరకు చెప్పగలను. రెండోది మాత్రం వద్దు. "నిద్ర పట్టడానికి పెట్టుకున్నా" అన్నవాళ్లలో నేనొకణ్ని, థీసిస్ సంగతి మీకు తెలుసు.

---

థ్రిల్లర్_రాజు · శుక్రవారం ఉదయం 9:15

నిన్న రాత్రి అమృతం ఒకటి చూశా, మీ గోల భరించలేక. హంతకుడు ఎవరో చివరిదాకా చెప్పలేదు. (జోక్.) బాగుంది.

---

ఆర్టికల్_అమ్మాయి · 4 వారాల తర్వాత, మంగళవారం రాత్రి 9:05

బతికే ఉన్నా. మొదటి గ్రూపులో రెండు పేపర్లు అయ్యాయి. ఎఫ్ఆర్ ముందురోజు రాత్రి చూశా, ఏఎఫ్ఎం ముందురోజు చూడలేదు. రెండు రాత్రులూ నిద్ర ఒకేలా పట్టింది, అంటే సరిగ్గా పట్టలేదు. ఎవరు గెలిచారో మీరే తేల్చుకోండి.

రేపు ఆడిట్. జాబితాలో కొట్టేయనివి 4 మిగిలాయి. 10 రోజులుగా మా వార్డెన్ ఆంటీ కూడా ప్లేటు తెచ్చుకుని నా గదిలోనే కూర్చుంటున్నారు. తమిళావిడ, తెలుగు సగమే అర్థమవుతుంది, నవ్వడం మాత్రం నాకంటే ముందే నవ్వుతారు. ఇవాళ 8:25కి నేను ఫోన్ ఆపేస్తే, అల్మారా మీద కొట్టేసిన వరస మీద వేలు పెట్టి, ఆ రెండు భాగాలది ఎందుకు కొట్టేశావ్, అది పెట్టు అని పట్టుబట్టారు. ఇప్పుడు ఆవిడ బయట వరండాలో సొంత ఫోన్‌లో చూసుకుంటున్నారు. టైటిల్ పాట గోడలోంచి వినపడుతోంది.

---

కత్తెర · మంగళవారం రాత్రి 9:12

ఆవిడ రెండో భాగం అయ్యేదాకా లేవరు. నువ్వు తలుపేసుకుని చదువుకో.